గోడ ఉండాల్సిన చోట కిటికీ: నైట్ షిఫ్ట్ డ్రాఫ్ట్స్‌మన్ కథ రాయడం ఎలా

"ఆఫీసు పని మీద కథ రాస్తే రిపోర్టులా వస్తోంది, ఏం చేయాలి?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే బదులు, ఒకే కథ తీసుకుని దాన్ని మొదటి నుంచి ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

కథ ఇంతే. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఇళ్లకి డ్రాయింగులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకడు, రాత్రి షిఫ్టు. ఏఐతో చేసిన బెడ్‌రూం రెండర్ ఒకటి, అంటే కట్టబోయే గది ఫొటోలా కనిపించే బొమ్మ, అతని ముందుకు వస్తుంది. అతని డ్రాయింగ్‌లో గోడ ఉన్న చోట రెండర్‌లో కిటికీ ఉంది.

నేనూ కొన్నేళ్లు ఆ షిఫ్టులు చేశాను. ఈ కథ మొదటిసారి రాసినప్పుడు పాడుచేశాను కూడా. కిటికీ గురించి ఆరు పేజీలు రాశాను, గోడ గురించి ఒక్క వాక్యం రాయలేదు. చదివిన మిత్రుడు "కిటికీ వస్తే వచ్చిందిలే, నష్టమేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే మొదటి పని కలం పట్టకముందే ఉంది.

## 1. ఆ గోడ ఎందుకు గోడో ముందు తేల్చుకోండి

డ్రాయింగ్‌లో కిటికీ లేని గోడ ఊరికే ఉండదు, దాని వెనక ఎవరో ఒకరి నిర్ణయం ఉంటుంది. అవతల బాత్రూం ఉండొచ్చు, బరువు మోసే గోడ కావచ్చు, పక్కింటివాళ్ల హద్దు కావచ్చు. మీ కథలో ఏది కారణమో ఒక వాక్యంలో రాసి బల్ల ముందు అంటించుకోండి. ఆ వాక్యం కథలోకి రాకపోయినా పర్లేదు.

నేను హద్దు గోడ ఎంచుకున్నాను. ఇల్లు అమెరికాలోని డాలస్‌లో, ఇరుకు ప్లాటులో ఉంది. ఉత్తరం గోడకీ స్థలం హద్దుకీ మధ్య 2 అడుగుల 6 అంగుళాలే ఉంది. అమెరికాలో చాలా ఊళ్లు పాటించే ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం, హద్దుకి 3 అడుగుల లోపు ఉన్న బయటి గోడలో కిటికీ పెట్టకూడదు. పక్కింట్లో మంటలు లేస్తే కిటికీలోంచి ఇటు పాకుతాయని ఆ నిబంధన. గోడ కూడా గంటసేపు మంటకి ఆగేలా కట్టాలి.

ఇప్పుడు కిటికీ బరువెక్కింది. అది రెండర్‌లో బాగుంటుంది గానీ కట్టడానికి కుదరదు. కట్టాలంటే ఇల్లంతా ఆరు అంగుళాలు పక్కకి జరపాలి. అయినా సరే, 3 నుంచి 5 అడుగుల మధ్య ఉంటే గోడ వైశాల్యంలో నాలుగో వంతుకి మించి కిటికీలు పెట్టకూడదు. స్ప్రింక్లర్లు ఉన్న ఇంటికి లెక్క వేరు. ఆ చర్చ కథకి అక్కర్లేదు, ఈ ఇంట్లో అవి లేవనుకోండి చాలు.

ఒక్క జాగ్రత్త. పని తెలిసిన పాఠకుడు వెంటనే అడుగుతాడు: "బెడ్‌రూంకి అసలు కిటికీయే లేదా? అదెలా పాస్ అయింది?" నిజమే, పడకగదిలో ప్రమాదమొస్తే బయటపడటానికి వీలైన కిటికీ గానీ బయటికి తలుపు గానీ ఒకటి ఉండి తీరాలి. కాబట్టి వెనకవైపు గోడలో ఒక కిటికీ పెట్టండి. రెండర్ ఫ్రేములోకి అది రాదు, ఎందుకంటే కెమెరా ఆ కిటికీ పక్కన నిలబడి మంచం వైపు చూస్తోంది. ఇలాంటి చిన్న లెక్క తప్పితే తెలిసినవాడు కథ అక్కడే ఆపేస్తాడు.

## 2. కిటికీ ఎలా పుట్టిందో మీకు తెలిసుండాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "కంప్యూటర్ పొరపాటు చేసింది" అని ఒక ముక్క రాసి ముందుకెళ్తారు. అలా రాస్తే కిటికీ దెయ్యంలా వచ్చినట్టు ఉంటుంది. అది వచ్చిన దారి తెలిస్తే కథకి రెండు మూడు మంచి సీన్లు వాటంతట అవే దొరుకుతాయి.

పాత పద్ధతి రెండర్‌లో ఇలా జరగదు. త్రీడీ మోడల్‌లో ఉన్న గోడ మీద వెలుగు ఎలా పడుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి బొమ్మ ఇస్తుంది. మోడల్‌లో లేని కిటికీ బొమ్మలోకి రాదు. రంగు తప్పొచ్చు, వెలుగు తప్పొచ్చు, గోడ మాత్రం గోడగానే ఉంటుంది.

ఏఐ రెండర్ దారి వేరు. మోడల్ నుంచి ఒక మామూలు వ్యూని బొమ్మగా తీసి, దానికి "ఉదయపు వెలుగు, హాయిగా ఉన్న బెడ్‌రూం" లాంటి మాటలు జోడించి ఇస్తారు. ఆ బొమ్మని ఆధారం చేసుకుని అది కొత్త బొమ్మని మొదటి నుంచి గీస్తుంది. దానికి గోడ అంటే తెలియదు. తను నేర్చుకున్న లక్షల బెడ్‌రూం ఫొటోల్లో ఇలాంటి చోట సాధారణంగా ఏముంటుందో అది వేస్తుంది.

అసలు బొమ్మకి కట్టుబడి ఉండమని చెప్పే మార్గాలు లేకపోలేదు. గీతలు పట్టుకుని వెళ్లమనొచ్చు, ఏది ఎంత దూరంలో ఉందో చెప్పే లోతు మ్యాప్ ఇవ్వొచ్చు. రెండింటికీ ఈ కథకి పనికొచ్చే లొసుగు ఉంది.

లోతు మ్యాప్‌లో చదునైన గోడ, ఆ గోడతో సమంగా ఉన్న గాజు కిటికీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రెండూ కెమెరాకి ఒకే దూరంలో ఉన్నాయి మరి. కిటికీ వేసినా ఆ మ్యాప్‌ని ఉల్లంఘించినట్టు కాదు. గీతల పద్ధతిలో ఇంకో తిరకాసు: ఉన్న గీతలని అది పాటిస్తుంది గానీ, గీతలు లేని ఖాళీ చోటుని "ఇక్కడ ఏమీ వేయొద్దు" అనే ఆజ్ఞగా తీసుకోదు.

నా కథలో మంచం వెనక గోడ మీద చెక్క బీడింగ్ పెట్టాను, ఫొటో ఫ్రేములా నలుచదరంగా. మోడల్ వ్యూలో అది నాలుగు గీతలు మాత్రమే. దానికి తోడు "ఉదయపు వెలుగు" అని రాశారు. వెలుగు ఎక్కడి నుంచో రావాలి కదా. ఆ నలుచదరం కిటికీ చట్రం అయిపోయింది, బయట ఒక చెట్టు కొమ్మ కూడా వచ్చింది.

ఆ చెట్టు కొమ్మని వదలకండి. డాలస్‌లో ఆ గోడ అవతల 2 అడుగుల 6 అంగుళాల సందు, ఆ తర్వాత పక్కింటి హద్దు. అక్కడ చెట్టు ఉండే వీల్లేదు.

## 3. గడియారం సరిచూసుకోండి

రాత్రి షిఫ్టు కథల్లో సగం తప్పులు టైం దగ్గరే దొర్లుతాయి. అర్ధరాత్రి సీన్‌లో అమెరికా క్లయింట్ "గుడ్ నైట్" చెప్పి పెట్టేస్తాడు, అక్కడేమో మధ్యాహ్నం!

ఏప్రిల్‌లో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా. అక్కడ ఉదయం 8 అయితే ఇక్కడ సాయంత్రం 6:30. వాళ్ల ఆఫీసు సాయంత్రం 5కి మూస్తే ఇక్కడ తెల్లవారుజాము 3:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తేడా పదకొండున్నర అవుతుంది, మనవాళ్ల షిఫ్టు గంట జరుగుతుంది, క్యాబ్ టైమింగ్ కూడా మారుతుంది. చలికాలంలో కథ పెడితే ఇది గుర్తుపెట్టుకోండి.

నా కథకి వేసుకున్న పట్టిక ఇది, మీరూ ఇలాంటిది వేసుకోండి:

- సాయంత్రం 6:30: లాగిన్. డాలస్‌లో ఉదయం 8.
- రాత్రి 10:30: భోజనం. అక్కడ మధ్యాహ్నం 12, మెయిళ్లు ఆగుతాయి.
- 1:20: జూనియర్ కుర్రాడు రెండర్ పంపుతాడు. డ్రాయింగుల సెట్‌కి మొదటి పేజీ అయిన కవర్ షీట్ మీద దాన్ని పెట్టాలి.
- 1:35: కిటికీ కనిపిస్తుంది.
- 2:30: అక్కడ సాయంత్రం 4. ఇంకో గంట దాకా అడగడానికి మనుషులున్నారు.
- 3:30: సబ్మిషన్.

చూడండి, 1:35 నుంచి 3:30 దాకా రెండు గంటలు కూడా లేదు. కథ మొత్తం ఆ కాసేపట్లోనే జరగాలి. ముందు జరిగినవన్నీ మధ్యలో గుర్తుకు రావాలి తప్ప వరుసగా చెప్పకండి.

## 4. చూసే క్షణం రాయడం

ఇది కథకి గుండెకాయ, తొందరపడకండి. మొదటి డ్రాఫ్టులో నేను ఇలా రాశాను:

"అతను రెండర్ తెరిచాడు. ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాడు. గోడ ఉండాల్సిన చోట కిటికీ ఉంది!"

ఏ డ్రాఫ్ట్స్‌మనూ అలా ఉలిక్కిపడడు. అర్ధరాత్రి దాటాక కళ్లు మండుతుంటే బొమ్మలు చూసే మనిషికి ముందు ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏంటో తెలియదు. బొమ్మ బాగుంది. మరీ బాగుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కిటికీని ముందు చూపించకండి, దాని గుర్తుని చూపించండి. నేను ఎంచుకున్న గుర్తు నేల మీద పడిన ఎండ. రెండో డ్రాఫ్ట్ ఇలా వచ్చింది:

"బొమ్మ కవర్ షీట్ మీద సర్ది, కొలత సరిచేసి, సేవ్ కొట్టబోయాడు. మంచం పక్కన చెక్క నేల మీద ఎండ ముక్క ఒకటి పడి ఉంది, గోడకి ఆనుకుని, పొట్టిగా. మిట్టమధ్యాహ్నపు ఎండ. వాళ్ల ఊళ్లో వేసవిలో వసారాలో ఇలాగే పడేది. చాప అక్కడి నుంచి లాగమని నానమ్మ అరిచేది. చేయి మౌస్ మీదే ఉంది. ఆ గోడ ఏ దిక్కు?"

ఎండ ఎందుకు తప్పో మీకు తెలిసుండాలి. ఎండ ముక్క గోడకి దగ్గరగా, పొట్టిగా పడిందంటే సూర్యుడు నడినెత్తి మీద, ఆ కిటికీ వైపున ఉన్నట్టు. ఆ గోడ ఉత్తరం గోడ. డాలస్ కర్కట రేఖకి బాగా పైన ఉంది కాబట్టి అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. వేసవిలో పొద్దున్నే, సాయంత్రం మాత్రం ఉత్తరం వైపు నుంచి ఏటవాలు ఎండ వస్తుంది. అలాంటి ఎండ పొడుగ్గా పడుతుంది, పొట్టిగా కాదు.

మన దగ్గర కొంచెం వేరు. హైదరాబాద్ కర్కట రేఖకి దిగువన ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే అతని చిన్ననాటి జ్ఞాపకం మొదట బొమ్మని నమ్ముతుంది. ఆ ఇల్లు ఎక్కడుందో గుర్తొచ్చాకే అనుమానం మొదలవుతుంది. ఈ భూగోళశాస్త్రం అంతా కథలో పెట్టకండి. "ఆ గోడ ఏ దిక్కు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

## 5. తనిఖీయే కథ: మెట్లు తారుమారు కానివ్వకండి

కిటికీ చూడగానే "రెండర్ తప్పు" అని అతనికి అనిపించకూడదు. పని చేసేవాడు ముందు తన డ్రాయింగ్‌నే అనుమానిస్తాడు. "నేనే ఏదో మర్చిపోయానా?" అన్న భయం, రాత్రి రెండింటికి కడుపులో పుట్టే ఆ టెన్షన్, కథని నడిపిస్తుంది.

మెట్లు ఈ వరుసలో రావాలి:

ఒకటి, ప్లాన్. A-101 షీట్ తెరుస్తాడు. ఉత్తరం గోడ రెండు గీతలూ తెగకుండా సాగుతున్నాయి. కిటికీ ఉంటే అక్కడ తెగాలి.

రెండు, లేయర్లు, అంటే డ్రాయింగ్‌లో ఒక్కో రకం గీతలని విడిగా ఉంచే పొరలు. కిటికీలు ఉండే A-GLAZ లేయర్ ఆఫ్ అయి ఉందేమో? లేక ఫ్రీజ్ అయిందేమో? అన్నీ వెలిగించి చూస్తాడు. ఆటోక్యాడ్ తెర మీద అతను కొట్టేవి ఇవి:

```
LAYON
LAYTHW
XREF
```

మొదటిది ఆఫ్‌లో ఉన్న లేయర్లని ఆన్ చేస్తుంది, రెండోది ఫ్రీజ్ అయినవాటిని తెస్తుంది. మూడోది జతచేసిన ఫైళ్ల జాబితా చూపిస్తుంది. కథలో ఒక్కటి చాలు. నేను మూడోదే ఉంచాను, ఎందుకంటే అసలు భయం అక్కడుంది.

మూడు, జతచేసిన ఫైలు పాతదేమో. డాలస్ వాళ్లు మోడల్ మార్చి, కొత్త ఫైలు పెట్టి, ఇతను పాతదాని మీదే గీస్తూ ఉంటే? అప్పుడు కిటికీ నిజం, గోడ అబద్ధం. ఈ అవకాశాన్ని పాఠకుడు రెండు పేరాలైనా నమ్మాలి. ఫైలు తేదీ చూస్తాడు. సరైనదే.

నాలుగు, కిటికీల పట్టిక. షెడ్యూల్‌లో పదకొండు కిటికీలున్నాయి. ప్లాన్ మీద వేలు పెట్టి లెక్కపెడతాడు: పదకొండు. రెండర్‌లో ఉన్నది పన్నెండోది. ఈ లెక్కపెట్టడాన్ని పూర్తిగా రాయండి. "అతను సరిచూశాడు" అని తేల్చేయకండి. ఏడో కిటికీ దగ్గర ఎవరో పిలిచి లెక్క తప్పించాలి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

ఐదు, రెండర్‌కి ఇచ్చిన అసలు బొమ్మ. జూనియర్ దగ్గరికి వెళ్లి అడుగుతాడు. అందులో బీడింగ్ గీతలు నాలుగు, అంతే.

ఆరు, మళ్లీ చేయించడం. అదే బొమ్మ, అవే మాటలు, ఇంకోసారి. ఈసారి కిటికీ లేదు, అద్దం ఉంది. మరోసారి చేస్తే కిటికీ వచ్చింది, కానీ పర్దాతో. ఇక్కడ అతనికి రూఢి అవుతుంది. ఉన్నదాన్ని చూసి గీసే మనిషి ప్రతిసారీ వేరేది గీయడు.

రెండర్ తప్పని తెలియడం ఇక్కడితో అయిపోయింది. కథ మాత్రం అవ్వలేదు. ఇంకొక్క మెలిక కావాలి.

నా మెలిక పాత మెయిల్లో ఉంది. ఈ గది రెండర్ నిన్న రాత్రే ఒకసారి క్లయింట్‌కి వెళ్లిపోయింది, అందులోనూ కిటికీ ఉంది. ఇంటి ఓనర్ జవాబు రాసింది: మంచం దగ్గర పడే ఆ వెలుతురు మా అమ్మకి చాలా నచ్చింది, ఆ గది ఆవిడకే. డాలస్ ఆర్కిటెక్ట్ కింద "చాలా సంతోషం" అని రాశాడు. మెయిల్ చైన్‌లో ఉన్న ఆరుగురిలో ఎవరూ ప్లాన్ తెరిచి చూడలేదు.

## 6. మాటలు: ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారు

రాత్రి షిఫ్టు బేలో "సర్" తక్కువ, "అన్నా" ఎక్కువ. టీం లీడ్‌ని కూడా పేరు పక్కన "గారు" లేకుండా పిలిచే ఆఫీసులున్నాయి. మాటలు పొట్టిగా ఉండాలి, అందరూ అలసిపోయి ఉన్నారు.

జూనియర్‌తో సీన్ నేను ఇలా రాశాను:

"తమ్ముడూ, ఈ కిటికీ నువ్వు పెట్టావా?"

"ఏ కిటికీ అన్నా?"

"మంచం మీద."

కుర్రాడు వంగి చూశాడు. "బాగుంది కదా అన్నా."

"బాగుందిరా. పెట్టావా?"

"నేనేం పెట్టలేదన్నా. వచ్చింది."

ఆ "వచ్చింది" అన్న మాట దగ్గర ఆగాను. ఏఐ ఎలా పనిచేస్తుందో ఇక్కడ కుర్రాడితో ఉపన్యాసం ఇప్పించాలని చేయి దురద పెడుతుంది. వద్దు. రెండో అంకంలో మీరు తెలుసుకున్నదంతా ఆ ఒక్క క్రియలో ఉంది.

టీం లీడ్‌ని విలన్ చేయకండి. అతను "మన స్కోప్ డ్రాయింగులు, రెండర్ కాదు. కవర్ మీద పెట్టేయ్, రేపు చూద్దాం" అంటాడు. అతని వైపు నుంచి అది న్యాయమే. సబ్మిషన్ లేటయితే రేపు ఫోన్ తీసుకోవాల్సింది అతనే.

## 7. అతని ఇంటి గది

ఈ అంకం నేను చివర్లో కనుక్కున్నాను, కథని నిలబెట్టింది ఇదే.

రాత్రి పనిచేసేవాడు పగలు పడుకోవాలి. మూసాపేటలో అతని అద్దె ఇంటి పడకగదికి ఒకవైపు కిటికీ లేదు, పక్క బిల్డింగ్ ఆనుకుని కట్టేశారు. ఆ గోడ ఉన్నందుకే అతను ఆ ఇల్లు తీసుకున్నాడు. పొద్దున 5కి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా చీకటిగా ఉంటుంది. భార్యకి ఆ గది అంటే ఊపిరాడదు. "ఏమండీ, కాస్త వెలుతురుండే ఇల్లు చూద్దామండీ" అని రెండేళ్లుగా అంటోంది.

ఒక మనిషికి వరమైన గోడ ఇంకో మనిషికి శిక్ష. డాలస్‌లో ముసలావిడకి వెలుతురు కావాలి, మూసాపేటలో భార్యకి వెలుతురు కావాలి. రెండు చోట్లా "ఇక్కడ కిటికీ కుదరదు" అని చెప్పేది ఈ మనిషే.

ఈ పోలికని మీరు నోరు తెరిచి చెప్పకండి. పొరపాటున కూడా "తన ఇంటి గోడ గుర్తొచ్చింది" అని రాయకండి. రాత్రి 10:30 భోజనం దగ్గర భార్య ఫోన్ ఒకటి పెట్టండి, ఇంటి బ్రోకర్ ఏదో ఇల్లు చూపిస్తానన్నాడని. అతను "చూద్దాంలే" అని పెట్టేస్తాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తకండి. కిటికీ కనిపించేది దాని తర్వాత మూడు గంటలకి. పాఠకుడు తనే కలుపుకుంటాడు.

## 8. మెయిల్, ఆ తర్వాత

అతనికి జవాబు తెలుసు: కిటికీ కుదరదు. కానీ అలా రాసే అధికారం అతనికి లేదు. ఐటీఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివాడు, పన్నెండేళ్లుగా ఇదే పని. డాలస్‌లో సంతకం పెట్టేది ఆర్కిటెక్ట్. కాబట్టి తెలిసిన విషయాన్ని తెలియనట్టు అడగాలి. ఈ ఆఫీసు మర్యాద బయటివాళ్లకి తెలియదు. దాన్ని చూపించడానికి మెయిల్‌ని మూడుసార్లు రాయించండి.

మొదటిసారి: "రెండర్‌లో తప్పుంది." చెరిపేస్తాడు, కుర్రాడి మీదకి పోతుంది.

రెండోసారి: "హద్దు దగ్గర ఉన్నందున ఈ గోడలో కిటికీ పెట్టకూడదు." చెరిపేస్తాడు, తనకంటే పెద్ద చదువు చదివినవాడికి పాఠం చెప్పినట్టుంటుంది.

మూడోసారి: "A-101 ప్రకారం ఉత్తరం గోడలో కిటికీ లేదు, హద్దు దూరం 2 అడుగుల 6 అంగుళాలు. రెండర్‌లో కిటికీ ఉంది. దేన్ని అనుసరించాలో చెప్పగలరు."

హద్దు దూరాన్ని ఊరికే అన్నట్టు మధ్యలో పెట్టాడు, గమనించారా? చదివేవాడికి అర్థమయ్యేంత చెప్పాడు, చెప్పినట్టు కనిపించలేదు. ఇలాంటి వాక్యం దొరికేదాకా మీరూ రాస్తూ ఉండండి.

ఇక 3:30. జవాబు రాలేదు. ముగింపుకి మూడు దారులున్నాయి: కిటికీ ఉన్న బొమ్మ పంపడం, కిటికీ లేకుండా ఇంకోటి చేయించి పంపడం, ఖాళీగా పంపడం. మొదటిది పంపితే అతను లొంగినట్టు. రెండోది తెలివైనదే, కానీ ఓనరుకి నచ్చిన వెలుతురుని చెప్పకుండా మాయం చేసినట్టవుతుంది. నేను మూడోది రాశాను:

"కవర్ షీట్ మీద బొమ్మ ఉండాల్సిన చోట నలుచదరం గీశాడు. మూల నుంచి మూలకి రెండు అడ్డగీతలు. లోపల ఏమీ రాయలేదు. ప్లాట్ కొట్టి అప్‌లోడ్ చేశాడు."

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

కథ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లా ఉంది. ప్రతి పేజీలో ఎన్ని పని మాటలున్నాయో లెక్కపెట్టండి. మూడుకి మించితే ఒకదాన్ని అతను చేతితో చేసే పనిగా మార్చండి. "షెడ్యూల్ సరిచూశాడు" అనే చోట వేలు పెట్టి లెక్కపెట్టడం అలా పుట్టిందే.

ఏఐ దెయ్యంలా తయారైంది. కిటికీ అవతల ఎవరో నిలబడ్డారు, మరో రెండర్‌లో ఇంకా దగ్గరికి వచ్చారు... ఇలా పోతే అది వేరే కథ, రాసుకోవచ్చు. కానీ హద్దు గోడ కథలో ఇది కలిస్తే రెండూ చెడతాయి.

అతను హీరో అయిపోయాడు. డాలస్ వాళ్లు పొగుడుతూ మెయిల్ పెట్టారు, ప్రమోషన్ వచ్చింది. చివరి పేజీ చింపేయండి. అలాంటి మెయిల్‌కి మామూలుగా వచ్చే జవాబు ఒక్క ముక్క: "నోటెడ్." అది కూడా మర్నాడు.

ఉద్యోగం పోతుందన్న ఏడుపు. ఆ భయం నిజమే, బేలో అందరికీ ఉంది. అయితే అతను దాని గురించి ఆలోచిస్తూ కూర్చుంటే కథ ఆగిపోతుంది. నిరుడు పన్నెండు కుర్చీలున్న వరుసలో ఇప్పుడు ఐదుగురు కూర్చున్నారని ఒకచోట రాసి వదిలేయండి.

## 10. పంపే ముందు సరిచూసుకోవాల్సినవి

- గోడ ఎందుకు గోడో పాఠకుడికి మెయిల్ సీన్ కంటే ముందే అందిందా? ఒక్క కొలతగా అందినా చాలు.
- డాలస్ టైం, మన టైం ప్రతి సీన్‌లో కలుస్తున్నాయా? నెల మార్చితే మళ్లీ లెక్కవేయండి.
- కిటికీకి ముందు ఎండ కనిపించిందా?
- అతను రెండర్ కంటే ముందు తన డ్రాయింగ్‌ని అనుమానించాడా?
- పదకొండు, పన్నెండు: కిటికీల లెక్క కథంతా ఒకటేనా? నా కథలో ఒకచోట పది అని పడింది, అచ్చయ్యాక కనిపించింది.
- జూనియర్ నోట ఉపన్యాసం లేదు కదా?
- భార్య ఫోన్ తర్వాత ఆ గది గురించి మళ్లీ మాట వచ్చిందా? వస్తే కొట్టేయండి. ఒక్క చోట మాత్రం మినహాయింపు: క్యాబ్ దిగి ఇంటికొచ్చాక అతను తలుపు మూసి, చీకట్లో చేత్తో గోడ తడుముకుంటూ మంచం దగ్గరికి వెళ్లడం. అది ఉంచుకోవచ్చు.